సత్యమ్మ అనని మాట

నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర, మందుల దుకాణం పైన ఒక చిన్న జిల్లా పత్రిక ఆఫీసు ఉంది. అందులో డెస్కు మీద పనిచేసే రెబెకా చేతిలోంచి రోజూ ఎంతోమంది మాటలు వెళ్తుంటాయి. ఆ మాటలన్న మనుషులను ఆమె చూడదు. మండలాల్లో తిరిగే విలేకరులు ఫోన్లో పంపిన దాన్ని పేపరు భాషలోకి మార్చి, చోటుకు సరిపోయేలా కోసి, పేజీలో పెట్టడం ఆమె ఉద్యోగం. పేరు ఎక్కడా పడదు. పడాలని ఆమె ఎప్పుడూ కోరుకోలేదు కూడా.

రెబెకా తండ్రి బుచ్చన్న కాలువలు తవ్వే మేస్త్రీల వెంట దేశమంతా తిరిగినవాడు. బిడ్డను వెంట తిప్పుకుంటే గంపెత్తడమే నేర్చుకుంటుందని హాస్టల్లో పడేశాడు. ఆ హాస్టల్లోనే ఆమె చదివింది, ఆ హాస్టల్ అన్నమే తిన్నది, పురుగులను పళ్లెం అంచుకు తోసి మిగతాది మింగడం కూడా అక్కడే నేర్చింది. వనపర్తిలో డిగ్రీ చేసింది. కొన్నాళ్లు ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు తెలుగు చెప్పింది. తర్వాత ఈ డెస్కు మీదికి వచ్చి, ఇక్కడే స్థిరపడింది.

పనిలో ఆమెకు వంక పెట్టడానికి లేదు. ఎవరో అన్న మాటను కొటేషన్లలోంచి తీసి పరోక్షంలో పెట్టడమంటే చాలామంది చివర ఒక 'అని' తగిలిస్తే సరిపోతుందనుకుంటారు. అదంత సులువైతే ఊరికొక డెస్కు ఉండేది. 'నేను' అన్నది 'తాను' కావాలి. 'మా ఊరు' అన్నది 'తమ ఊరు' కావాలి. 'నువ్వు' అన్నదెవరినో చూసి, వాళ్ల పేరో 'తనను' అనో పెట్టాలి. 'ఇయ్యాల' అన్నది ఏ వారమో చెప్పాలి. కాలం సంగతి మరీ జాగ్రత్త. ఇంగ్లీషులోలాగ తెలుగులో క్రియను వెనక్కి జరపక్కరలేదు. 'వస్త' అన్నవాడు నిన్న అన్నా 'వస్తానని చెప్పాడు' అనే రాయాలి. కొత్తగా చేరిన అర్చన ఒకసారి ఒక సర్పంచి 'రాజీనామ చెయ్య' అంటే 'రాజీనామా చేయలేదని చెప్పారు' అని రాసింది. రెబెకా ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది.

"చెయ్య అన్నడు అర్చనా. ఇగ ముందు జరిగేదాని గురించి అన్నడు. చేయలేదు అంటే వెనుకటి ముచ్చట అయితది. 'చేయబోనని' అని రాయాలె. మనిషి ఏ కాలంల నిలబడి మాట్లాడిండో ఆడనే నిలబెట్టాలె, జరపొద్దు."

ఇంత తెలిసిన మనిషే ఆ తప్పు చేసింది. తెలియనివాళ్లు చేస్తే తప్పు అంటాం, సరిదిద్దుతాం, మరిచిపోతాం. తెలిసినవాళ్లు చేస్తే ఏమనాలో నాకు ఇప్పటికీ తోచదు.

ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. ఎక్కడా రాసి లేదు, కానీ అందరూ పాటిస్తారు. అధికారి, నాయకుడు, పెద్ద రైతు మాట్లాడితే ఆ మాట కొటేషన్లలో, పక్కన ఫొటోతో పడుతుంది. కూలివాళ్లు, వంటవాళ్లు, కంకర కొట్టేవాళ్లు మాట్లాడితే అది పరోక్షంలోకి పోతుంది. 'వాపోయారు', 'తెలిపారు', 'కోరారు' అన్న తోకలతో ముగుస్తుంది. డెస్కు ఇంచార్జి భాస్కర్ దీనికి కారణం చెప్పేవాడు: వాళ్ల యాస అచ్చులో బాగుండదు, పైగా కొటేషన్లు పెడితే చోటు పోతుంది. రెబెకా ఇంట్లో మాట్లాడేది ఆ యాసే. అయినా ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. అలవాటైన అన్యాయానికి వాసన ఉండదు.

ఒక సోమవారం కల్వకుర్తి వైపు ఒక ఊళ్లో హాస్టల్ పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. పొద్దున తిన్న అన్నం పడలేదు. పిల్లలను ఆటోల్లో దవాఖానకు మోశారు. ఆ మండలం విలేకరి బాలస్వామి పాతకాపు, కాళ్లరిగేలా తిరిగే మనిషి, కానీ ఫోన్లో టైపు చేయడమంటే గిట్టదు. వంట మనిషి సత్యమ్మ చెప్పింది విని, దవాఖాన గేటు దగ్గర నిలబడి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెబితే, ఫోనే దాన్ని అక్షరాలు చేసి డెస్కుకు పంపింది. ఫోనుకు కామాలు తెలియవు, కొటేషన్లు అసలే తెలియవు. వచ్చింది ఇదీ:

బియ్యంల పురుగులున్నయని సారుకు చెప్పిన నేను చూసుకుంట నువ్వు వండు అంటె వండిన పిల్లలకు గిట్లయితదని అనుకోలె

సాయంత్రం పేజీలు అచ్చుకు పోయే వేళ. మొదటి పేజీలో మంత్రి పర్యటన ఫొటో పెద్దదైంది. హాస్టల్ వార్త కుంచించుకుపోయింది. భాస్కర్ వెనక నిలబడి, "రెండు లైన్లు తియ్యి రెబెకా, జల్ది" అన్నాడు. ఆమె చేతులు వాటంతట అవే కదిలాయి. 'నువ్వు వండు అంటె వండిన' అన్న ముక్క కొట్టేసింది. వంట మనిషి వండక ఏం చేస్తుంది, అదేమంత కొత్త సంగతి అనిపించింది. 'సారు'ను వార్డెన్ చేసి, మిగిలినదాన్ని మార్చింది. మర్నాడు పేపర్లో ఇలా వచ్చింది: 'బియ్యంలో పురుగులు ఉన్నాయని వార్డెన్‌కు చెప్పానని, తాను చూసుకుంటానని అన్నానని, పిల్లలకు ఇలా అవుతుందని అనుకోలేదని వంట మనిషి సత్యమ్మ తెలిపారు.'

చదవడానికి ఎంత శుభ్రంగా ఉందో చూడండి. సర్వనామం మారింది, కాలం ఉన్నచోటే ఉంది, తోక తగిలింది. 'చూసుకుంట' అన్నది వార్డెన్. పేపర్లో ఆ మాట సత్యమ్మ నోట్లో పడింది.

రెండు రోజుల తర్వాత బాలస్వామి ఆఫీసుకు వచ్చాడు. ఎప్పుడూ కింద టీ తాగి పైకి వచ్చే మనిషి, నేరుగా మెట్లెక్కి రెబెకా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడం, సత్యమ్మను పనిలకెల్లి తీసేసిన్రు."

"ఎందుకన్నా?"

"విచారణకొచ్చిన మేడం ముంగట వార్డెన్ మన పేపరు పెట్టిండు. ఆమె నాకు చెప్పింది నిజమే, కని నేనే చూసుకుంట అని మాటిచ్చింది, ఏరి వండుతదని నమ్మిన అన్నడు. సత్యమ్మకు చదివి ఇనిపిచ్చి అడిగిన్రు, నువ్వు పేపరోళ్లకు గిట్ల చెప్పినవా అని. పాపం, చెప్పిన అన్నది. ఆమెకేం ఎరుక, పేపరు భాషల మాట ఏడ మారిందో."

రెబెకా ఫోను తీసి ఆ మెసేజి వెతికింది. ఈసారి మనసులో కాదు, పైకి చదివింది, తన తల్లి ఈరమ్మ ఎట్లా మాట్లాడుతుందో అట్లా. 'సారుకు చెప్పిన' దగ్గర గొంతు ఆగింది. 'నేను చూసుకుంట, నువ్వు వండు' దగ్గర గొంతు మారింది. 'అంటె వండిన' దగ్గర మళ్లీ సత్యమ్మ గొంతయింది. పాలమూరు పల్లెల్లో ఎవరైనా ఇలాగే చెబుతారు. అవతలివాడి మాటను అవతలివాడి 'నేను'తోనే చెబుతారు. పుట్టినప్పటి నుంచి ఈ చెవులతో విన్నదే. వినకుండా రాసింది.

ఆమె భాస్కర్ దగ్గరికి పోయి సవరణ వేయాలంది. భాస్కర్ చెడ్డవాడు కాదు. కాకపోతే ఇబ్బంది వచ్చినప్పుడల్లా మంచితనాన్ని సొరుగులో పెట్టి తాళం వేస్తాడు.

"ఎవరడిగిన్రు సవరణ? సత్యమ్మ అడిగిందా?"

"ఆమెకు సదువురాదు సార్."

"మరింకేంది. మనం ఏం రాసినం? సత్యమ్మ తెలిపారు అని రాసినం. అన్నది ఆమె. మనం అన్నమా?"

"ఆమె అనలేదు సార్. నేను కట్ చేసినందుకు గట్లయింది."

"చూడు రెబెకా, ఇప్పుడు మనమే తప్పు రాసినమంటే వార్డెన్ ఊకుంటడా? నన్ను ఇరికిచ్చిన్రని కేసేస్తడు. బాలస్వామి కార్డు పోతది, నీ ఉద్యోగం పోతది. ఆ పిల్లలు బతికిన్రు గదా. ఇడిసెయ్."

బాలస్వామి తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నాడు. రెబెకా తన వైపు చూడగానే నేల చూశాడు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. విలేకరి కార్డు చూపిస్తేనే ఊళ్లో నలుగురు మాట్లాడతారు. ఆయనను తప్పు పట్టడానికి రెబెకాకు మనసొప్పలేదు. 'తెలిపారు' అనే తోక ఎందుకు పుట్టిందో ఆమెకు ఆ రోజు అర్థమైంది. అది అన్నవాళ్లకు గౌరవంగా పెట్టింది కాదు. రాసినవాళ్లు దాక్కోవడానికి కట్టుకున్న గోడ.

ఇంటికి పోయి భర్త మహేందర్‌కు చెప్పింది. ఆటో తుడుచుకుంటూ విన్నాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటరు. కని తొక్కినంక కడగక తప్పదు గదనే" అన్నాడు. ఆ మాటతో ఆమెకు ధైర్యం వచ్చిందని చెప్పలేను. భయం మాత్రం ఒంటరిది కాకుండా పోయింది.

ఆదివారం చర్చి కాగానే ఆ ఆటోలోనే సత్యమ్మ ఊరికి పోయారు. ఇంటి ముందర సత్యమ్మ చింతపండు గింజలు తీస్తోంది. గట్టి మనిషి, చేతుల నిండా పాత వాతలు, మూతి బిగించుకుని ఉంది. వీధిలో పోయే ఆడవాళ్లు ఎవరూ పలకరించడం లేదు. పిల్లలు దవాఖాన పాలైన తల్లులు మొదట వార్డెన్ మీదికి పోయారట. పేపరు చదివి వినిపించాక సత్యమ్మ ఇంటి మీదికి వచ్చారు. ఒకామె మన్ను తీసి పోసిందట. గోరుచుట్టు మీద రోకటిపోటులాగ, అదే వారం కొత్త వంట మనిషి కూడా వచ్చేసింది.

రెబెకా తానెవరో చెప్పింది. పేపర్లో ఆ మాటలు రాసింది తానేనని, తప్పుగా రాశానని చెప్పింది. సత్యమ్మ తల ఎత్తకుండా గింజలు తీస్తూనే ఉంది.

"నువ్వు నన్ను సూడనేలేదు గద బిడ్డా" అంది. "సూడకుంట నేనేమన్ననో నీకెట్ల ఎరుక?"

"బాలస్వామన్న పంపిండు అక్కా. నేను సక్కగ చదవలె."

"ఆ బియ్యం నేను సాటల పోసి సారుకు సూపిచ్చిన. గింత పెద్ద పురుగులు. నేను సూసుకుంట, నువ్వైతె వండు, పిల్లలకు బడి యాళ్లయితుంది అన్నడు. వండకపోతె వద్దు పో అంటడు. వండిన. అది తప్పే. నేను వండుడు తప్పే. కని సూసుకుంట అని నేనెట్లంట? ఎవరి గోదామ్ తాళం ఎవరి తాన ఉంటది?"

రెబెకా రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఆమె చిన్నప్పుడు తిన్న అన్నం ఇలాంటి చేతులే వండాయి. ఏడవడానికి కూడా తనకు హక్కు లేదనిపించింది, అయినా ఏడుపు వచ్చింది.

మర్నాడు సెలవు పెట్టి, విచారణ చేసిన అధికారి ఆఫీసుకు వెళ్లింది. ఆమె మధ్యవయసు మనిషి, విసుగ్గా ఉన్నా వినే మనిషి. రెబెకా మెసేజి చూపించింది, అచ్చైన వార్త పక్కన పెట్టింది.

"ఇందులో 'నేను' ఎవరో ఎట్ల తెలుస్తుంది?" అంది అధికారి. "సత్యమ్మ అయినా కావచ్చు కదా."

"మొదటి మాట సత్యమ్మదే మేడం, 'చెప్పిన' అని. 'నేను చూసుకుంట నువ్వు వండు' అన్నది ఒకరే అనాలి. వండమన్నది వార్డెన్ కాబట్టి చూసుకుంటానన్నదీ వార్డెనే. 'అంటె వండిన' అని మళ్లీ సత్యమ్మ. ఆ ముక్కను నేను కొట్టేశాను. దాంతో 'నేను' సత్యమ్మదైపోయింది. పైగా 'అన్నానని' అని నేనే కలిపాను, ఆమె అనలేదు."

అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఈ మాట మీరు రాసిస్తారా?"

కాగితం ఇచ్చారు. రెబెకా కలం తీసుకుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో వేలమంది 'నేను'లను చెరిపి 'తాను' చేసింది. తనదంటూ ఒక్క 'నేను' రాయలేదు. ఇప్పుడు మొదటి మాటే అది. 'నేను, రెబెకా, ఫలానా పత్రికలో పని చేస్తున్నాను' అని మొదలుపెట్టి, జరిగింది జరిగినట్టు రాసి, సంతకం చేసింది. బయటికి వస్తుంటే మెట్ల మీద బాలస్వామి ఎదురుపడ్డాడు. ఎవరు చెప్పారో, ఆయన కూడా వచ్చాడు. ఆమెను చూసి, "నేనూ సెప్పిపోత మేడం, ఆమె అన్నది ఇన్నోణ్ని నేనే గద" అన్నాడు, చూపు తప్పించుకోకుండా.

సంగతి దాగలేదు. వేరే పత్రికలవాళ్లకు తెలిసింది. ఇక భాస్కర్‌కు సవరణ వేయక తప్పలేదు. అది రాసే పని అర్చనకు అప్పజెప్పాడు. అర్చన రాసింది, తెచ్చి రెబెకా ముందు పెట్టి, పక్కకు తిరిగి నిలబడింది. 'హాస్టల్ వార్తలో పొరపాటు జరిగిందని సబ్ ఎడిటర్ రెబెకా తెలిపారు' అని ఉంది.

"పొరపాటు జరిగింది అని నేనంటినా?" అని అడిగింది రెబెకా.

"సార్ గట్ల రాయమన్నడక్కా."

"నేను తప్పు రాసిన అన్న. నేను అన్నది పెట్టు." ఆమే దిద్దింది: 'సత్యమ్మ మాటలను తాను తప్పుగా రాశానని సబ్ ఎడిటర్ రెబెకా అంగీకరించారు.' తర్వాత దాని కింద సరైన వాక్యం తానే రాసింది. 'బియ్యంలో పురుగులు ఉన్నాయని తాను వార్డెన్‌కు చెప్పానని, ఆ సంగతి వార్డెన్ చూసుకుంటానన్నారని, తనను వండమనడంతో వండానని సత్యమ్మ తెలిపారు.' దాన్ని కొటేషన్లలో, సత్యమ్మ యాసలోనే పెడదామని భాస్కర్‌ను అడిగింది. ఆయన ఒప్పుకోలేదు. చోటు లేదన్నాడు. ఆ రోజు పేజీలో చోటు బోలెడంత ఉంది.

ఉద్యోగం మానేయమని ఎవరూ అనలేదు. మర్నాటి నుంచి ఆమెకు దిద్దాల్సిన వార్తల కాపీలు పంపడం మానేశారు, అంతే. వారం తిరక్కుండా ఆమే రావడం ఆపేసింది. సత్యమ్మ విషయం మళ్లీ విచారిస్తామని కలెక్టరాఫీసు నుంచి కాగితం వచ్చింది. హాస్టల్లో మాత్రం కొత్తామె వండుతూనే ఉంది. వార్డెన్‌ను మరో ఊరికి మార్చారని ఒకరు, సెలవు మీద పోయాడని ఇంకొకరు అన్నారు.

సవరణ వచ్చిన పేపరు పట్టుకుని రెబెకా మళ్లీ ఆ ఊరికి పోయింది. ఈసారి సత్యమ్మ చాప వేసింది, నీళ్లిచ్చింది. రెబెకా ఆ వాక్యాన్ని మెల్లగా, ఒక్కో మాట విడదీసి చదివి వినిపించింది. సత్యమ్మ తల వంచి విన్నది. ఇంకోసారి చదవమంది. రెబెకా చదివింది.

"సరిగ్గున్నదా అక్కా? నువ్వన్నట్టే ఉన్నదా?"

సత్యమ్మ పేపరు తీసుకుని ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. ఎటు పట్టుకోవాలో తెలియక అడ్డంగా పట్టుకుంది.

"నేనన్నట్టే ఉంది బిడ్డా" అంది. "కని మొన్నటిది సదివిచ్చినప్పుడు గూడ నేనన్నట్టే ఉండె. అందుకే అవునన్న."

సత్యమ్మ పేపరు మడిచి ఆమె చేతికే తిరిగి ఇచ్చింది.